కొరియర్ రేటు తగ్గాలంటే నెలకు ఎన్ని పార్సిళ్లో చెబితే చాలదు

ప్రశ్న: మారతహళ్లి నుంచి చీరలు, డ్రెస్ మెటీరియల్స్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. నెలకు 800కు పైగా పార్సిళ్లు పోతున్నాయి, ఎక్కువ భాగం ఆంధ్ర, తెలంగాణలకే. రేటు తగ్గించమంటే కొరియర్ సేల్స్ అతను "వాల్యూమ్ పెంచండి మేడమ్, అప్పుడు చూద్దాం" అంటున్నాడు. డేటా చూపిస్తే తగ్గిస్తారని ఒకరు చెప్పారు. ఏం డేటా చూపించాలి, ఎలా అడగాలి?

జవాబు:

మేడమ్, నేను ఆరేళ్లు ఇక్కడే బెంగళూరులో ఒక కొరియర్ కంపెనీ సేల్స్‌లో పనిచేశాను. ఆ తర్వాత ఎనిమిదేళ్లుగా చిక్‌పేటలో చీరల షాపులకు డిస్పాచ్ చూసుకుంటున్నాను. అంటే రేటు ఇచ్చిన అనుభవమూ ఉంది, అడిగిన అనుభవమూ ఉంది.

మీ దగ్గరికి వచ్చే సేల్స్ అబ్బాయి చేతిలో రేటు ఉండదు. అతను పైకి ఒక అప్రూవల్ పంపాలి. అందులో నెలకు ఎన్ని పార్సిళ్లు, ఏ ఊళ్లకు ఎన్ని, సగటు బరువెంత, సీఓడీ ఎంత శాతం, రిటర్న్ ఎంత శాతం అని నింపాలి. మీరు "800 పోతాయి" అని మాత్రమే చెబితే మిగతా గడులన్నీ అతను అంచనాతో నింపుతాడు. పై మేనేజరు తెలియని చోట ఎప్పుడూ ఎక్కువ ఖర్చే వేసుకుంటాడు. కొత్త చీరల సెల్లర్, సీఓడీ ఎక్కువ అని చూడగానే రిటర్న్లు విపరీతంగా ఉంటాయనుకుని దానికి తగ్గట్టే రేటు పెడతాడు. నేనూ అలాగే పెట్టేవాణ్ని. కాబట్టి మీ డేటా చేయాల్సిన పని, మీ పార్సిల్ మోయడానికి వాళ్లకు నిజంగా ఎంత ఖర్చవుతుందో చూపించడం.

వాళ్ల ఖర్చు ఎక్కడ పెరుగుతుందంటే, ముఖ్యంగా కస్టమర్ ఇంటి దగ్గర. పికప్ వాళ్లకు పెద్ద బరువు కాదు. మీ ఇంటి ముందు ఒక్కసారి ఆగితే రోజుకు ముప్పై పార్సిళ్లు దొరుకుతాయి. హైదరాబాద్ బండి రోజూ ఎలాగూ వెళ్తుంది. కానీ డెలివరీ అబ్బాయి ఒకే ఇంటికి మూడుసార్లు తిరిగి, చివరికి పార్సిల్ వెనక్కి బెంగళూరుకు వస్తే, ఆ ఒక్క దాని ఖర్చులో మామూలుగా చేరే పార్సిళ్లు రెండో మూడో చేరిపోతాయి. అందుకే మొదటి ప్రయత్నంలోనే ఎన్ని చేరుతున్నాయి అన్న లెక్కకు సంఖ్య కన్నా ఎక్కువ విలువ.

ఇప్పుడు డేటా తీయడం గురించి. మీ కొరియర్ ప్యానెల్‌లో గానీ, మీరు చాలా కొరియర్లను ఒకే చోట ఇచ్చే అగ్రిగేటర్‌ను వాడుతుంటే వాళ్ల ప్యానెల్‌లో గానీ షిప్‌మెంట్ రిపోర్టు ఎక్సెల్‌గా దిగుతుంది. పికప్ తేదీ ప్రకారం వరుసగా మూడు నెలలది దింపండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నిన్నటి దాకా ఉన్న పార్సిళ్లన్నీ కలిపేస్తారు. రిటర్న్ అయ్యే పార్సిల్ వెనక్కి వచ్చి మూసుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి పోయిన వారం పంపినవి ఇంకా దారిలోనే ఉంటాయి, రిటర్న్ శాతం అబద్ధంగా తక్కువ కనిపిస్తుంది. అవతలి మేనేజరు దాన్ని ఒక్క చూపులో పట్టేస్తాడు, ఇక మిగతా కాగితాన్నీ నమ్మడు. పికప్ అయి కనీసం 25 రోజులు గడిచిన పార్సిళ్లనే లెక్కలోకి తీసుకోండి.

తర్వాత పిన్‌కోడ్ నుంచి ఊరి గ్రూపు విడదీయాలి. హైదరాబాద్‌వి చాలావరకు 500తో మొదలవుతాయి. మొదటి రెండు అంకెలు 50 అయితే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్ర, 56 నుంచి 59 దాకా కర్ణాటక. పిన్‌కోడ్ C కాలమ్‌లో, స్టేటస్ F లో, ఎన్నిసార్లు ప్రయత్నించారో G లో ఉన్నాయనుకుంటే, H కాలమ్‌లో మొదటి ఫార్ములా పెట్టి కిందికి లాగండి. రెండోది హైదరాబాద్‌లో మొదటి ప్రయత్నంలోనే చేరినవి, మూడోది అక్కడికి పంపిన మొత్తం.

```
=LEFT(C2,3)
=COUNTIFS(H:H,"500",F:F,"Delivered",G:G,1)
=COUNTIFS(H:H,"500")
```

రెండోదాన్ని మూడోదాంతో భాగిస్తే ఆ రూటు మొదటి ప్రయత్నం శాతం వస్తుంది. రిటర్న్ శాతం కూడా ఇలాగే, రెండో ఫార్ములాలో స్టేటస్ మాట మార్చి, చివరి G:G,1 షరతు తీసేస్తే చాలు. సీఓడీ, ప్రీపెయిడ్ రిటర్న్లు మాత్రం విడివిడిగా తీయండి. రెంటినీ కలిపితే మీ మంచి పార్సిళ్లు చెడ్డవాటి వెనక దాక్కుంటాయి.

మీలాంటి కేసే ఒకటి పూర్తిగా చెబుతాను. చిక్‌పేటలో నేను చూసే షాపుల్లో ఒకటి, వాళ్ల ఆన్‌లైన్ కస్టమర్లలో ముప్పాతిక మంది తెలుగువాళ్లే. మే, జూన్, జూలై లెక్క తీశాం. మే 910, జూన్ 820, జూలై 910, సగటు 880. ఆషాఢం సేల్ కూడా ఇందులోనే ఉంది. నెల సగటులో హైదరాబాద్‌కు 290, మిగతా ఆంధ్ర, తెలంగాణ ఊళ్లకు 330, కర్ణాటకకు 120, మిగిలిన దేశానికి 140. సీఓడీ 520, ప్రీపెయిడ్ 360. నెలకు 102 పార్సిళ్లు వెనక్కి వచ్చేవి. వాటిలో 94 సీఓడీవే, ప్రీపెయిడ్‌లో వచ్చినవి 8 మాత్రమే.

ఓనరు గారిని "కొరియర్ ఖర్చెంత?" అని అడిగితే "హైదరాబాద్‌కు 58" అనేవారు. రేటు కార్డులో అదే ఉంది. కానీ అన్ని ఊళ్లు, అన్ని బరువులు కలిపితే పంపడానికి సగటు 72 రూపాయలు పడుతోంది. 880 పార్సిళ్లకు 63,360. వెనక్కి వచ్చిన 102కూ అదే రేటు కట్టాలి, 7,344. చేరిన సీఓడీలు 426, ఒక్కోదానికి 40 చొప్పున 17,040. మొత్తం 87,744, జీఎస్టీ కాకుండా. నిజంగా కస్టమర్ చేతికి చేరినవి 778. భాగిస్తే చేరిన ప్రతి పార్సిల్‌కు దాదాపు 113 రూపాయలు. ఆయన ఆ కాగితం చేతిలో పెట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. మీరు కూడా ముందు ఈ లెక్క వేసుకోండి. అది లేకుండా మాట్లాడటానికి వెళ్తే 58ని 54 చేయించుకుని సంతోషంగా ఇంటికొస్తారు.

ఎందుకంటే ఆ షాపులో రేటులోనే కాదు, సీఓడీ చార్జీలోనూ చాలా డబ్బు పోతోంది. వాళ్ల అగ్రిమెంటులో సీఓడీ చార్జీ "40 రూపాయలు లేదా బిల్లులో 2 శాతం, ఏది ఎక్కువైతే అది" అని ఉంది. వాళ్ల సగటు ఆర్డరు 1,100. రెండు శాతం అంటే 22 రూపాయలే, కాబట్టి ఎప్పుడూ 40 పడేది. ఇలాంటప్పుడు శాతం తగ్గించమని అడిగి లాభం లేదు, ఆ 40ని తగ్గించమనాలి. పట్టుచీరలు అమ్మి సగటు ఆర్డరు 4,000 ఉండేవాళ్లకు ఇది తలకిందులవుతుంది. వాళ్లకు పడేది 80, కాబట్టి శాతం మీద బేరమాడాలి. మీ సగటు ఆర్డరు ఎంతో చూసుకుని ఏ సగం అడగాలో తేల్చుకోండి.

డెలివరీ పనితీరు లెక్క ఎలా పనికొచ్చిందో చెబుతాను. హైదరాబాద్‌లో 290కి 231 మొదటిసారే చేరాయి, అంటే 80 శాతం. మిగతా ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో 330కి 205, అంటే 62 శాతమే. రిటర్న్ కూడా హైదరాబాద్‌లో 21 అయితే అక్కడ 58. మామూలుగా చూస్తే ఇది షాపు తప్పులా కనిపిస్తుంది. చిన్న ఊళ్లు, అరకొర అడ్రసులు, ఆర్డరు పెట్టి వద్దనేవాళ్లు అని మేనేజరు కూడా అదే అంటాడు. అందుకే ఆ 58 మందికీ ఫోన్లు చేయించాం. షాపులో పనిచేసే అమ్మాయి రెండు రోజులు కూర్చుని చేసింది. 41 మంది ఎత్తారు. అందులో 19 మంది "మాకు ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ రాలేదు, పార్సిల్ ఎక్కడుంది?" అని ఎదురు అడిగారు.

ఆ 19 ట్రాకింగ్‌లూ తెరిచి చూశాం. అన్నిటిలోనూ "కస్టమర్ అందుబాటులో లేరు" అనే రిమార్కే. సమయాలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోయింది. ఒకే బ్రాంచిలో ఒకే రోజు 14 పార్సిళ్లకు రాత్రి 8:41 నుంచి 8:47 లోపు ఆ రిమార్కు పడింది. వాటిలో మా 19లోవి మూడు ఉన్నాయి. మిగతావి కూడా మా షాపువే, ఆలస్యంగా చేరినవి. ఆరు నిమిషాల్లో 14 ఇళ్ల తలుపులు ఎవరూ కొట్టలేరు. బ్రాంచికి తిరిగొచ్చాక కూర్చుని మొబైల్‌లో నొక్కేసినవి అవి. మీ రిపోర్టులో ప్రయత్నం జరిగిన తేదీతోపాటు సమయం కూడా ఉండే కాలమ్ ఉంటే దాన్ని తప్పకుండా దింపుకోండి. రాత్రి ఎనిమిది దాటాక ఒకే బ్రాంచిలో గుంపుగా పడిన రిమార్కులు కనిపిస్తే అనుమానించాల్సిందే.

దీన్ని గొడవ పెట్టుకోవడానికి వాడకండి. డెలివరీ అబ్బాయి మీద కంప్లయింట్‌గా వెళ్తే అది కస్టమర్ కేర్‌లో ఒక టికెట్ అయి మూసుకుపోతుంది. రేటు మాట్లాడే చోట, రిటర్న్ చార్జీ విషయంలోనే దాన్ని బయటపెట్టాలి. మేం అలాగే చేశాం.

ఆగస్టు చివరి వారంలో ఏరియా మేనేజరుతో కూర్చున్నాం. ఆ సమయం కావాలనే ఎంచుకున్నాం. దసరా రద్దీ మొదలైతే వాళ్లకు బండ్లూ మనుషులూ చాలరు, అప్పుడు కొత్త రేటు మాట వినరు. కొన్ని పెద్ద కంపెనీలు ఏటా జనవరి నుంచి రేట్లు పెంచుతాయి కాబట్టి దానికి ముందే కొత్త రేటు రాతలోకి రావడం మంచిది. ఆయనది హిందూపురం, మాటలు తెలుగులోనే సాగాయి. మేం తీసుకెళ్లింది ఒకే ఒక్క పేజీ. పైన మూడు నెలల సంఖ్యలు, మధ్యలో నాలుగు రూట్లు, ఒక్కో రూటుకు పార్సిళ్లు, మొదటి ప్రయత్నం శాతం, రిటర్న్ శాతం. కింద సీఓడీ, ప్రీపెయిడ్ విడివిడిగా. అన్నిటి కన్నా కింద మేం అడిగేవి.

ఆయన ముందు సేల్స్ అతను చెప్పిన మాటే అన్నారు. "వాల్యూమ్ 1,500 దాటితేనే ఈ స్లాబు సార్."

"మొత్తానికి అడగట్లేదు సార్. హైదరాబాద్ రూటు చూడండి. రోజుకు పదకొండు పార్సిళ్లు, పదిలో ఎనిమిది మొదటిసారే చేరుతున్నాయి. ఈ ఒక్క రూటుకు, అర కిలో స్లాబుకు చెప్పండి. మిగిలిన దేశం రేటు మేం ముట్టుకోవట్లేదు," అన్నాను.

ఇది చాలా ముఖ్యం మేడమ్. అన్నిటికీ తగ్గించమంటే ఆయన పెద్ద స్లాబు అప్రూవల్ పంపాలి, అది పైన ఆగిపోతుంది. మీ బలం ఉన్న ఒకటి రెండు రూట్లకే అడిగితే ఆయన స్థాయిలోనే తేలే అవకాశం ఎక్కువ. మీకు ఈశాన్య రాష్ట్రాల రేటు తగ్గి ఒరిగేదేమీ లేదు కదా.

హైదరాబాద్‌కు 7 రూపాయలు, మిగతా ఆంధ్ర, తెలంగాణకు 6 రూపాయలు తగ్గాయి. నెలకు 2,030, 1,980, కలిపి 4,010. తర్వాత సీఓడీ 40 నుంచి 32కు వచ్చింది. 426 పార్సిళ్లకు అది 3,408. చివర్లో రిటర్న్ మాట ఎత్తి, ఆ రాత్రి 8:41 ట్రాకింగ్ ప్రింట్లు ముందు పెట్టాం. "ఇలా మీ వాళ్లు వెళ్లకుండానే వెనక్కి పంపినవాటికి కూడా రానూపోనూ మేమే కడుతున్నాం" అని నెమ్మదిగా చెప్పాం. ఆయన ఆ కాగితాలు తిరగేసి, రిటర్న్ చార్జీ వెళ్లే రేటులో 60 శాతానికి ఒప్పుకున్నారు. అక్కడ సుమారు 3,200 మిగిలింది. మొత్తం నెలకు దాదాపు 10,600. చేరిన పార్సిల్ ఖర్చు 113 నుంచి 99కి దిగింది. రేటు ఒక్కటే తగ్గించుకుని వచ్చి ఉంటే 107 దగ్గర ఆగేది.

ఆయన తిరిగి అడిగింది కూడా న్యాయమైనదే. సీఓడీ ఆర్డర్లకు పంపే ముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోమన్నారు, అడ్రసులో ల్యాండ్‌మార్క్, రెండో ఫోన్ నంబరు తప్పనిసరి చేయమన్నారు. ఒప్పుకున్నాం, చేశాం. మీరు కూడా మాట్లాడటానికి వెళ్లే ముందే ఇది మొదలుపెట్టి ఉంటే మీ రిటర్న్ శాతం నెల నెలకూ దిగుతున్నట్టు కాగితమే చూపిస్తుంది.

వాల్యూమ్ విషయంలో ఒక జాగ్రత్త. నెలకు ఎంత హామీ ఇస్తారని అడుగుతారు. మేం సగటు 880 ఉన్నా 750 అనే చెప్పాం. కొన్ని అగ్రిమెంట్లలో హామీ ఇచ్చిన సంఖ్య తగ్గితే రేటు పాత స్లాబుకు పోతుంది, లేదా కనీస బిల్లు కట్టాలని ఉంటుంది. పండగ నెల సంఖ్య చూపించి మంచి రేటు తెచ్చుకుని, పెళ్లిళ్లు లేని నెలలో దానికి జరిమానా కట్టినవాళ్లను చూశాను. ఏడాదిలో మీ అతి తక్కువ నెల ఏదో చూసి, దానికి కొంచెం కిందే మాటివ్వండి.

మీరు ఇద్దరు ముగ్గురు కొరియర్లకు పార్సిళ్లు పంచుతున్నారేమో, అదీ చూసుకోండి. ఈ రోజు వీళ్లకు, రేపు వాళ్లకు అని పంచితే ఎవరి దగ్గరా మీ సంఖ్య కనిపించదు. రూటు ప్రకారం పంచండి. హైదరాబాద్ మొత్తం ఒకరికి, వాళ్లు బలహీనంగా ఉన్న జిల్లాలు ఇంకొకరికి. అప్పుడు ఆ రూటులో మీ సంఖ్య నిండుగా ఉంటుంది, ఒకరు మొరాయిస్తే రెండోవాళ్లూ ఉంటారు. రెండో కంపెనీకి మీ డేటా చూపించేటప్పుడు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు తీసేసి ఇవ్వండి. రేటు వేయడానికి వాళ్లకు పిన్‌కోడ్, బరువు, స్టేటస్ చాలు.

బరువు సంగతి కూడా వెళ్లే ముందే సరిచేసుకోండి. బాక్సు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి చాలా కంపెనీలు వాల్యూమెట్రిక్ బరువు కడతాయి. కొన్ని ఇంకా తక్కువతో భాగిస్తాయి, అప్పుడు బరువు ఇంకా పెరుగుతుంది. 30, 25, 8 సెంటీమీటర్ల చీర బాక్సు 1.2 కిలోలు అవుతుంది, లోపల చీర 450 గ్రాములే అయినా. అర కిలో స్లాబుల్లో అది మూడు స్లాబులు. గిఫ్ట్ బాక్సు అక్కర్లేని చీరలను కవర్లో పంపితే మిగిలేది ఏ బేరంలోనూ మిగలదు.

ఇక కొత్త రేటు కాగితం వచ్చాక చూడాల్సినవి. 58ని 51 చేశామని చెప్పి, పక్కన చిన్న అక్షరాల్లో ఫ్యూయల్ సర్‌చార్జి 15 శాతం అదనం అని ఉంటే అది 58.65 అవుతుంది, పాతదాని కన్నా ఎక్కువ. అన్నీ కలిపి, జీఎస్టీ ఒక్కటే బయట ఉండేలా రేటు రాయించుకోండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ గురించి మీ ఆడిటర్‌ను అడగండి. ఏ పిన్‌కోడ్ ఏ జోన్‌లోకి వస్తుందో జాబితా అగ్రిమెంటుతో పాటే తీసుకోండి. హైదరాబాద్ శివార్లలో 501, 502తో మొదలయ్యేవి ఉన్నాయి. మనం వాటిని హైదరాబాద్ అనే అనుకుంటాం, వాళ్లు ఇంకో జోన్‌లో వేసి ఎక్కువ రేటు పట్టొచ్చు. సీఓడీ డబ్బు ఎన్ని రోజులకు ఖాతాలో పడుతుందో కూడా రాతలో ఉండాలి. నేను చెప్పిన షాపుకు నెలకు 4,68,600 సీఓడీ వసూలయ్యేది. ఒక వారం ముందు పడితే ఎప్పుడూ దాదాపు 1,09,000 రూపాయలు వాళ్ల చేతిలోనే తిరుగుతాయి. రేటు ఇక తగ్గదని వాళ్లు మొండికేస్తే నేను దీన్నే అడుగుతాను. వాళ్లకు ఇది ఇవ్వడం సులువు.

మీరు అగ్రిగేటర్ ద్వారా పంపుతుంటే ఇదే పేజీ వాళ్ల అకౌంట్ మేనేజరుకు మెయిల్ చేయండి. వాళ్ల దగ్గర ప్లాన్ మార్చే వీలు ఉంటుంది, సీఓడీ చార్జీ, డబ్బు పడే రోజులు త్వరగా ఒప్పుకుంటారు. నేరుగా కొరియర్‌తో అకౌంట్ తెరవాలా అనేది రెండు చోట్లా రేటు చేతికొచ్చాక, చేరిన పార్సిల్ ఖర్చు లెక్కేసి చూసుకోండి.

మొదటి బిల్లు వచ్చిన రోజు అందులోంచి ఇరవై ఏడబ్ల్యూబీ నంబర్లు, అంటే పార్సిల్ ట్రాకింగ్ నంబర్లు తీసి, జోన్, బరువు, సీఓడీ చార్జీ మీరే చేత్తో లెక్కేయండి. మా షాపులో మొదటి బిల్లులో ఇరవైలో ఆరు పాత సీఓడీ రేటుతోనే వచ్చాయి. సిస్టంలో కొత్త రేటు ఎక్కించడం వాళ్లు మర్చిపోయారు. అదే వారం చెప్పాం కాబట్టి ఆ నెల బిల్లులోనే క్రెడిట్ నోట్ ఇచ్చారు.